సెల్ఫ్ అప్రైజల్ పీపీటీ: లక్ష్యం, ఫలితం, ఆధారం ఒకే దారంలో గుచ్చడం ఎలా?

అప్రైజల్ మీటింగ్‌కు వారం ముందు చాలామంది ఖాళీ స్లైడ్ తెరిచి, మొదటి గీటు మీద "ఈ ఏడాది నేను సాధించినవి" అని రాసి ఆగిపోతారు. చిక్కంతా ఆ వరుసలోనే ఉంది. పీపీటీ ఆఖరున చేయాల్సిన పని. అంతకుముందు ఒక పట్టిక తయారు కావాలి. పట్టిక సరిగ్గా కుదిరితే స్లైడ్లకు ఒక పూట చాలు. అది లేకుండా మొదలుపెడితే వారం పట్టినా సంతృప్తిగా రాదు.

మొదటి నుంచి చివరి వరకు ఒకే ఉదాహరణ తీసుకుందాం. ఐదుగురున్న కస్టమర్ సపోర్ట్ టీమ్‌కు ఒక లీడ్. ఏడాది మొదట్లో అతనికి ఇచ్చిన లక్ష్యాలు మూడు. ఫిర్యాదు టికెట్ పరిష్కారానికి పట్టే సగటు సమయాన్ని 48 గంటల నుంచి ఏడాది చివరికి 36 గంటలకు తేవాలి. కొత్తగా చేరే ఇద్దరిని మూడు నెలల్లో సొంతంగా టికెట్లు చూసేలా తయారుచేయాలి. కస్టమర్లు తమంతట తామే చదువుకునే సహాయ వ్యాసాలు 60 రాయించాలి. అంకెలన్నీ ఉదాహరణ కోసం వేసుకున్నవే. మీ పని వేరైనా లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

## 1. ముందు లక్ష్యాల కాగితం తీయండి

జ్ఞాపకం మీద ఆధారపడకండి. ఏడాది మొదట్లో హెచ్‌ఆర్ సిస్టమ్‌లోనో మెయిల్‌లోనో ఒప్పుకున్న లక్ష్యాలను ఉన్నది ఉన్నట్టు ఒక షీట్‌లోకి కాపీ చేయండి. మీ మాటల్లోకి మార్చొద్దు. మీటింగ్‌లో మేనేజర్ ముందు ఉండేది ఆ అసలు వాక్యమే.

తర్వాత ఒక్కో లక్ష్యంలో మూడు విషయాల కింద గీత గీయండి: ఏది కొలవాలి, ఎంతకు చేరాలి, ఎప్పటికి చేరాలి. "ఏడాది చివరికి 36 గంటలకు తేవాలి" అనడం వేరు, "ఏడాది సగటు 36 గంటలు ఉండాలి" అనడం వేరు. పైకి ఒకేలా కనిపించే ఈ రెండు మాటలు రేటింగ్‌నే మార్చేయగలవు. ఎలాగో నాలుగో భాగంలో చూస్తారు.

మధ్యలో లక్ష్యం మారిందా? మార్చినట్టు రాతపూర్వకంగా ఉన్న మెయిల్ వెతకండి. నోటిమాటగా మారి ఉంటే మీటింగ్ దాకా ఆగకుండా మేనేజర్‌కు ఇప్పుడే రెండు వాక్యాలు రాయండి: "జూన్‌లో మనం అనుకున్నట్టు ఈ లక్ష్యాన్ని ఇలా మార్చుకున్నాం, అప్రైజల్‌లో దీన్నే పెడుతున్నాను, సరేనా?" అవునన్న జవాబు వస్తే అదే మీ ఆధారం. కాదన్నారనుకోండి, ఆ సంగతి మీటింగ్‌లో కాకుండా ముందే తెలియడం మీకే మేలు.

## 2. ఆధారాలు పోగేయండి, నెలవారీగా

దీనికి కనీసం మూడు వారాల ముందు కూర్చోండి. గుర్తొచ్చినవి రాసుకుంటూ పోతే ఆఖరి రెండు నెలల పనే వస్తుంది. మార్చిలో రాత్రింబవళ్లు చేసిన పని డిసెంబరుకు మనకే గుర్తుండదు, మేనేజర్‌కు ఎక్కడ గుర్తుంటుంది! అందుకే క్యాలెండర్ తెరిచి మొదటి నెల నుంచి ఒక్కో నెలా తిరగేయండి. మీటింగులు, పంపిన మెయిళ్లు, పూర్తయిన పనుల జాబితా చూస్తే చాలు, మిగతాది దానంతట అదే గుర్తొస్తుంది.

ఆధారాలన్నిటికీ ఒకే బరువు ఉండదు. నేను వాటిని ఈ వరుసలో నమ్ముతాను:

- సిస్టమ్ నుంచి తీసిన రిపోర్టు. అదే ఫిల్టర్లతో ఎవరు తీసినా అదే అంకె రావాలి.
- ఆ రోజుల్లోనే పుట్టిన రాత: ఆమోదం తెలిపిన మెయిల్, మీటింగ్ మినిట్స్, మార్పు జరిగిన తేదీ ఉన్న రికార్డు.
- పని అందుకున్నవాళ్ల మాట: కస్టమర్‌ది, పక్క టీమ్‌ది.
- మీరు ఇప్పుడు కూర్చుని రాసుకున్న వివరణ. దీన్ని ఆధారం అనలేం. పై మూడింటికి తోడుగా మాత్రమే పనికొస్తుంది.

డ్యాష్‌బోర్డ్ విషయంలో జాగ్రత్త. చాలా డ్యాష్‌బోర్డులు "గత 90 రోజులు" అన్న లెక్కన నడుస్తాయి, అందుకే ఈరోజు కనిపించిన అంకె వారం తర్వాత ఉండదు. లింక్ ఒక్కటే దాచుకుంటే మీటింగ్‌లో స్లైడ్ ఒక మాట, స్క్రీన్ ఇంకో మాట చెబుతాయి. డేటాను ఫైల్‌గా దించుకుని, ఏ తేదీన ఏ ఫిల్టర్లతో తీశారో ఫైల్ పేరులోనే రాయండి.

ఇంకో మాట. ఆధారాలు ఆఫీసు ఫోల్డర్‌లోనే ఉండాలి. కస్టమర్ల వివరాలున్న మెయిళ్లను సొంత మెయిల్‌కు పంపుకోవడం చాలాచోట్ల నియమాల ఉల్లంఘన. అప్రైజల్ కోసం పోగేసిన ఆధారమే మీ మీద ఆధారంగా మారకూడదు కదా.

## 3. ఒక్కో లక్ష్యానికి ఒక్కో వరుస

ఇప్పుడు పట్టిక వేయండి. ఒక్కో లక్ష్యానికి ఒక వరుస, ప్రతి వరుసలో ఆరు గడులు: లక్ష్యం (అసలు వాక్యం), మొదట ఎక్కడున్నాం, ఎక్కడికి చేరాలి, ఎక్కడికి చేరాం, ఆధారం ఎక్కడుంది, ఇందులో నా వాటా ఏమిటి.

గడి ఖాళీగా ఉంటే ఖాళీగానే వదిలేయండి. ఏం వెతకాలో చెప్పేది ఆ ఖాళీయే. ఎక్కువగా ఖాళీ ఉండేది రెండో గడి. "సమయం బాగా తగ్గించాను" అంటారు, ముందు ఎంత ఉండేదో చెప్పలేరు. పాత రిపోర్టు దొరక్కపోతే గత ఏడాది డేటా నుంచి మళ్లీ లెక్క తీయండి. ఇప్పుడు వాడే నిర్వచనాన్నే అప్పటికీ వాడండి.

లక్ష్యంలో ఎంత వంతు పూర్తయిందో చూడటానికి ఒక చిన్న సూత్రం ఉంది. B గడిలో మొదటి స్థాయి, Cలో చేరాల్సినది, Dలో చేరినది పెట్టి:

```
=(B2-D2)/(B2-C2)
```

తగ్గించాల్సిన లక్ష్యానికైనా, పెంచాల్సిన లక్ష్యానికైనా ఇదే పనిచేస్తుంది. 48 నుంచి 36కు రావాల్సింది 39 దగ్గర ఆగితే 12 గంటల్లో 9 తగ్గాయి, అంటే 75 శాతం. "39 అంటే 36కు దగ్గరే కదా" అని కంటితో కొలవడం కంటే ఇది నయం.

## 4. అంకెను విప్పి చూడండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇక్కడే ఇవ్వమంటాను. మన లీడ్ డ్యాష్‌బోర్డ్ తెరిస్తే ఏడాది సగటు 37.8 గంటలు అని చూపిస్తోంది. సూత్రంలో వేస్తే 85 శాతం. చాలామంది ఇక్కడే ఆగి స్లైడ్ చేసేస్తారు.

అతను ఆగకుండా డేటా దించుకుని చూశాడు. ఏడాదిలో మూసిన టికెట్లు 6,000. అందులో 600 కొన్ని క్షణాల్లోనే మూసుకుపోయాయి. కారణం, జులైలో వచ్చిన కొత్త సిస్టమ్. ఒకే ఫిర్యాదు రెండోసారి వస్తే అది తనే మూసేస్తుంది. అంతకుముందు అలాంటివాటిని చేత్తో అసలు టికెట్‌లో కలిపేసేవారు కాబట్టి అవి లెక్కలోకే వచ్చేవి కావు. అంటే ఈ 600 సున్నాలు సగటును ఊరికే కిందికి లాగాయి. వాటిని తీసేస్తే మిగిలిన 5,400 టికెట్ల సగటు 42 గంటలు. 85 శాతం అనుకున్నది 50కి దిగిపోయింది.

గుండె జారిందా? ఇప్పుడు లక్ష్యం వాక్యాన్ని మళ్లీ చదవండి: "ఏడాది చివరికి 36 గంటలకు". ఏడాది సగటు అని ఎక్కడా లేదు. డూప్లికేట్లను తీసేసి మూడేసి నెలలుగా విడగొడితే 48, 44, 40, 36 వచ్చాయి. ఏప్రిల్‌లో చేసిన మార్పు మెల్లగా పనిచేస్తూ ఆఖరి మూడు నెలలకు సరిగ్గా లక్ష్యాన్ని చేరింది. నిజాయితీగా తీసిన లెక్కే అతనికి బలమైనదయింది. పైగా ఈ లెక్క ప్రశ్నలకు తట్టుకుంటుంది. 37.8 అని పెట్టుంటే, డూప్లికేట్ల సంగతి తెలిసినవాళ్లు ఒక్కరు నోరు తెరిచినా చాలు, మిగతా స్లైడ్ల మీద కూడా నమ్మకం పోయేది.

ఆఖరి మూడు నెలల సగటు తీసే సూత్రం ఇదీ. Bలో మూసిన తేదీ, Dలో పట్టిన గంటలు, Eలో మూసిన కారణం ఉన్నాయనుకుందాం. ఏడాది 2024 అనుకుంటే:

```
=AVERAGEIFS(D:D, E:E, "<>Duplicate",
 B:B, ">="&DATE(2024,10,1),
 B:B, "<"&DATE(2025,1,1))
```

చివర డిసెంబరు 31 అని కాకుండా "జనవరి 1 కంటే ముందు" అని ఎందుకు పెట్టాం? B గడిలో తేదీతోపాటు టైమ్ కూడా ఉంటే, "31 లేదా అంతకుముందు" అన్నప్పుడు 31వ తేదీ మొదలయ్యే అర్ధరాత్రి దాకానే లెక్కకొస్తుంది. ఆ రోజు పగలు మూసినవన్నీ జారిపోతాయి.

ఆఖరుగా రెండు ప్రశ్నలు వేసుకోవాలి, ఎందుకంటే మేనేజర్ వేసేవీ అవే. ఒకటి, టికెట్లు తక్కువ వచ్చి సమయం తగ్గిందా? గత ఏడాది 5,300, ఈసారి 5,400. కాదన్నమాట. రెండు, తొందరగా మూసేయడం వల్ల పని చెడిందా? మూసిన టికెట్లలో కస్టమర్లు మళ్లీ తెరిపించినవి నిరుడు 7 శాతం, ఇప్పుడూ 7 శాతమే. వేగం చూపించే అంకె ఏదైనా సరే, పక్కన నాణ్యతను చూపించే అంకె ఒకటి ఉండాల్సిందే.

## 5. నా వాటా ఎంత?

టీమ్ ఫలితాన్ని "నేను సాధించాను" అని రాస్తే టీమ్‌కు కోపం, మేనేజర్‌కు అనుమానం. అంతా "మేము" అని రాస్తే మీరేం చేశారో ఎవరికీ తెలియదు. మధ్యేమార్గం ఒకటుంది. ఫలితం టీమ్‌ది, అందులో మీరు తీసుకున్న నిర్ణయం, చేసిన పని మీవి.

మన లీడ్ ఇలా రాసుకున్నాడు: "మార్చిలో 200 పాత టికెట్లు చదివాను. అందులో 70, కస్టమర్ నుంచి ఆర్డర్ నంబరో స్క్రీన్‌షాటో రాక ఆగిపోయినవి. ఫిర్యాదు ఫారంలో ఆ రెండూ తప్పనిసరి చేయాలని ప్రతిపాదించాను. ఫారం మార్చింది ఐటీ టీమ్, ఏప్రిల్‌లో. కొత్త పద్ధతిని ఐదుగురం కలిసి అమలు చేశాం."

ఇందులో ఏ పని ఎవరు చేశారో, ముఖ్యమైనవి ఏ నెలలో జరిగాయో ఉంది. ప్రతిపాదన మెయిల్, ఫారం మారిన రికార్డు ఆధారాలుగా ఉన్నాయి. ఇతరుల పేరు చెప్పినందువల్ల అతని వాటా తగ్గలేదు, నమ్మశక్యమైంది.

## 6. ఇప్పుడు స్లైడ్లు

అరగంట మీటింగ్ అయితే మీరు మాట్లాడేది 12 నుంచి 15 నిమిషాలు. మిగతాది ప్రశ్నలకు. అందుకు ఏడు స్లైడ్లు సరిపోతాయి:

1. ఏడాది మొత్తం ఒకే పట్టికలో: లక్ష్యం, చేరాల్సినది, చేరినది, స్థితి.
2. మొదటి లక్ష్యం.
3. రెండో లక్ష్యం.
4. మూడో లక్ష్యం.
5. లక్ష్యాల్లో లేకపోయినా చేసిన పని.
6. అందనివి, నేర్చుకోవాల్సినవి.
7. వచ్చే ఏడాదికి ప్రతిపాదన, కావాల్సిన సహాయం.

మొదటి స్లైడ్ ఒక్కటి చూసి మేనేజర్ లేచి వెళ్లిపోయినా విషయం అర్థం కావాలి. అందులో అందని లక్ష్యం కూడా ఉండాలి. దాన్ని ఆరో స్లైడ్ దాకా దాస్తే, మధ్యలో చెప్పినదంతా దాపరికంలా కనిపిస్తుంది.

శీర్షికను పేరుగా కాకుండా వాక్యంగా రాయండి. "టికెట్ సమయం" అన్న శీర్షిక ఏమీ చెప్పదు. "పరిష్కార సమయం 48 గంటల నుంచి 36కు చేరింది, మళ్లీ తెరిపించినవి పెరగలేదు" అంటే సగం పని శీర్షికలోనే అయిపోతుంది. కింద నాలుగు కడ్డీల గ్రాఫ్ ఒకటి, మీ వాటా గురించి రెండు మూడు వాక్యాలు, అడుగున చిన్న అక్షరాల్లో ఆధారం: ఏ రిపోర్టు, ఏ తేదీన తీసింది, ఏవి తీసేశాం. "డూప్లికేట్‌గా మూసిన 600 టికెట్లు కలపలేదు" అన్న ఆ చిన్న గీటును మాత్రం మరచిపోకండి. గ్రాఫ్‌లో నిలువు గీతను సున్నా నుంచే మొదలుపెట్టండి. 30 నుంచి మొదలుపెడితే తగ్గుదల కొండంత కనిపిస్తుంది, అది గమనించే మేనేజర్లు ఉంటారు.

రెండో లక్ష్యం లాంటివి సూటిగా తేలిపోతాయి. ఇద్దరు చేరిన తేదీలు, సొంతంగా టికెట్లు మొదలుపెట్టిన తేదీలు పెడితే చాలు. ఇక్కడ గ్రాఫులు, బొమ్మలు అనవసరం.

స్క్రీన్‌షాట్లు, పూర్తి పట్టికలు, మెచ్చుకుంటూ వచ్చిన మెయిళ్లు ఏడు స్లైడ్ల తర్వాత అనుబంధంగా పెట్టండి. అడిగితే చూపిస్తారు, లేకపోతే లేదు. మెయిళ్లలో కస్టమర్ పేరు, నంబరు కనిపించకుండా, పీపీటీలో పెట్టకముందే బొమ్మను కత్తిరించండి. పైన నల్లపెట్టె గీసి వదిలేయొద్దు, దాన్ని జరిపితే కింద ఉన్నది కనిపిస్తుంది.

## 7. అందని లక్ష్యాన్ని చూపించే తీరు

60 వ్యాసాలకు 41 అయ్యాయి. అంటే 68 శాతం. ఈ స్లైడ్‌లో నాలుగు వాక్యాలు మించకూడదు: ఎంత అయింది, ఎందుకు ఆగింది, ఆ సంగతి ఎప్పుడు చెప్పారు, ఇప్పుడేం చేయబోతున్నారు.

"60 వ్యాసాలకు 41 పూర్తయ్యాయి. కొత్త సిస్టమ్‌కు మారే పని ఆరు వారాలు పట్టి, ఆ రోజుల్లో వ్యాసాలు ఆగాయి. ఆగస్టు సమీక్షలో చెప్పి, ఎక్కువ ఫిర్యాదులొచ్చే విషయాలకే ముందు రాద్దామని అనుకున్నాం. మిగిలిన 19కి మార్చి ఆఖరు గడువు, ఎవరేది రాయాలో పంచుకున్నాం."

వీటిలో బరువైనది మూడోది. కారణం ఎంత నిజమైనా, మొదటిసారి అప్రైజల్‌లోనే వినిపిస్తే సాకులాగే ఉంటుంది. ముందే చెప్పి ఉండకపోతే, "ఇది నేను ముందే చెప్పాల్సింది" అని ఒప్పుకోవడం మంచిది. చెప్పినట్టు నటించకండి.

సిస్టమ్ మార్పు పని లక్ష్యాల్లో లేదు కాబట్టి అది ఐదో స్లైడ్‌లోకి వస్తుంది. ఎవరు అప్పగించారు, ఎన్ని వారాలు పట్టింది, ఏ లక్ష్యం మీద దాని ప్రభావం పడింది అన్నవి రాసి, ఆరో స్లైడ్‌తో కలపండి. రెండూ విడివిడిగా ఉంటే ఒకటి గొప్పగా, ఇంకోటి లోపంగా కనిపిస్తాయి. పక్కపక్కన పెడితేనే అసలు కథ తెలుస్తుంది.

## 8. తరచూ జరిగే తప్పులు, సరిచేసే తీరు

పనుల చిట్టా చదవడం. "వారానికి మూడు మీటింగులు నడిపాను" అన్నది పనే గానీ ఫలితం కాదు. ప్రతి వాక్యం చివర "దానివల్ల ఏం మారింది?" అని అడగండి. జవాబు లేకపోతే ఆ వాక్యం కొట్టేయండి.

శాతంలో తికమక. 20 శాతం నుంచి 25 శాతానికి పెరిగితే అది 5 పాయింట్ల పెరుగుదల, పాత స్థాయితో పోలిస్తే 25 శాతం. రెండూ నిజమే. కానీ రెండు చివరలూ చెప్పకుండా "25 శాతం పెరిగింది" అంటే తప్పుదోవ పట్టించినట్టే.

కొలత లేని పనికి అంకె అతికించడం. పక్క టీమ్‌తో గొడవలు తగ్గించారనుకోండి, దానికి దొంగ శాతం వద్దు. ముందు ఎలా జరిగేది, ఇప్పుడెలా జరుగుతోంది అని ఒక సంఘటన చెప్పి, ఆ టీమ్ లీడ్ రాసిన రెండు వాక్యాలు పెట్టండి.

లింకులు తెరుచుకోకపోవడం. ఇది నాకే జరిగింది. ఒక ఏడాది ఆధారాలన్నీ లింకులుగా పెట్టి ధీమాగా కూర్చున్నాను. మేనేజర్ నొక్కిన ప్రతి లింకూ "మీకు అనుమతి లేదు" అంది. ఫోల్డర్ నా ఒక్కడికే తెరుచుకునేలా ఉంది మరి. పది నిమిషాలు అనుమతులు ఇవ్వడంతోనే సరిపోయింది. అప్పటి నుంచి మీటింగ్‌కు ముందు ఒక సహోద్యోగితో లింకులు తెరిపించి చూస్తున్నాను. రహస్య వివరాలున్న ఫోల్డర్ అయితే మేనేజర్‌నే ముందుగా ఒకసారి తెరిచి చూడమనండి.

## 9. పంపే ముందు చెక్‌లిస్ట్

పీపీటీని రెండు రోజుల ముందే మేనేజర్‌కు పంపండి. ముందే చదివిన మేనేజర్ మీటింగ్‌లో అంకెల కంటే మీ పని గురించి ఎక్కువ మాట్లాడతారు. పంపే ముందు:

- ప్రతి లక్ష్యం అసలు వాక్యంతోనే ఉందా?
- ప్రతి అంకెకు మొదటి స్థాయి, కాలవ్యవధి, ఆధారం ఉన్నాయా?
- లెక్కలోంచి ఏవి తీసేశారో స్లైడ్ మీద రాశారా?
- వేగం పక్కన నాణ్యత అంకె ఉందా?
- అందని లక్ష్యం మొదటి స్లైడ్‌లోనే కనిపిస్తోందా?
- కస్టమర్ల వివరాలు పూర్తిగా తొలగించారా?
- గడియారం పెట్టుకుని ఒకసారి చెప్పి చూస్తే 15 నిమిషాల్లో అయిందా?

మీటింగ్ అయిన రోజే, ఏవి ఒప్పుకున్నారు, దేని మీద అభిప్రాయం తేడా ఉంది, వచ్చే ఏడాది లక్ష్యాల వాక్యాలేమిటి అన్నవి చిన్న మెయిల్‌గా మేనేజర్‌కు పంపండి. ఆ వాక్యాల్లో "చివరికి" అని ఉండాలో "సగటున" అని ఉండాలో అప్పుడే తేల్చుకుని, అదే పట్టికలో కొత్త వరుసలుగా వేసి, రెండో గడిలో ఆనాటి అంకెను తేదీతో సహా నింపేయండి.